31న అమ్మిన బ్యాటరీకి 18 నెలలు ఎప్పుడు నిండుతాయి?

గుణుపూర్_బ్యాటరీ · 4 మార్చి 2026, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది గుణుపూర్‌లో బ్యాటరీలు, ఇన్వర్టర్ల షాపు. మొన్న సోమవారం నా కౌంటర్ దగ్గర ఒక తగువు జరిగింది. తప్పు ఎవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు, అందుకే రాస్తున్నాను.

ఒక ఆటో అతను 2024 ఆగస్టు 31న, శనివారం, నా దగ్గర బ్యాటరీ కొన్నాడు. దాని వారంటీ 18+18. అంటే మొదటి 18 నెలల్లో పాడైతే ఉచితంగా కొత్తది ఇస్తారు. ఆ తర్వాతి 18 నెలల్లో పాడైతే ధరలో కొంత తగ్గించి ఇస్తారు. మొన్న మార్చి 2న పొద్దున్నే దాన్ని మోసుకొచ్చాడు. మీటర్ పెడితే 10.4 చూపించింది. మూతలు తీసి హైడ్రోమీటర్ ముంచితే ఐదు గదుల్లో 1240 దాకా ఉంది, ఒక్క గదిలో 1100 కూడా లేదు. సెల్ పోయింది, అందులో అనుమానమేమీ లేదు.

మా సాఫ్ట్‌వేర్ వేసిన బిల్లు మీద ‘ఉచిత మార్పిడి గడువు: 03-03-2026’ అని ఉంది. అంటే ఇంకా ఒక రోజు ఉన్నట్టు. కంపెనీ పోర్టల్‌లో సీరియల్ నంబరు కొడితే మాత్రం ఉచిత గడువు 28-02-2026తో అయిపోయిందని, తగ్గింపు పోను 2,300 కట్టాలని వచ్చింది. ఆటో అతను బిల్లు తీసి ఆ తేదీ మీద వేలు పెట్టి, ఇది నువ్వు రాసిందే కదా అని ఒడియాలో అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. 2,300 నా జేబులోంచి పోయాయి.

సాఫ్ట్‌వేర్ 2019లో మా ఊరి కుర్రాడు రాశాడు, ఇప్పుడతను విశాఖలో ఉంటున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తేదీ తేడా రాలేదు. ఫిబ్రవరికి 31 లేదు, నిజమే. మరి 18 నెలలు నిండేది 28నా, మార్చి 3నా?

---

రాయగడ_కేబుల్ · 4 మార్చి, రాత్రి 10:15

అన్నయ్యా, ఇందులో టెన్షన్ పడాల్సింది ఏముంది? నెలంటే 30 రోజులు. 18 నెలలంటే 540 రోజులు. కొన్న తేదీకి 540 కలిపేస్తే 31, 28 అనే గొడవే రాదు. మా కేబుల్, నెట్ కనెక్షన్లన్నీ అలాగే పెట్టాలని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఫోన్ కంపెనీలు చూడండి, హాయిగా 28 రోజులని పెట్టేసుకున్నాయి.

---

గుణుపూర్_బ్యాటరీ · 4 మార్చి, రాత్రి 10:32

తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే ఎక్సెల్‌లో వేసి చూశాను. 540 కలిపితే ఫిబ్రవరి 22 వచ్చింది. కంపెనీ ఇచ్చిన తేదీ కన్నా ఆరు రోజులు తక్కువ. కార్డు మీద 18 నెలలని అచ్చు వేసి ఉంటే నేను 22తో అయిపోయిందంటే ఒప్పుకుంటారా?

---

జయపురం_మాష్టారు · 5 మార్చి, ఉదయం 6:05

నెల కలిపితే ఆ రోజే ఉండకపోవడం కొత్త సమస్య కాదు నాయనా. తిథి క్షయమైనప్పుడు మనకు ఎప్పుడూ ఉన్నదే. పైగా ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. మనది అమాంతం, ఒడియా వాళ్ళది పూర్ణిమాంతం. మనం శ్రావణ బహుళం అనేదాన్ని వాళ్ళు భాద్రవ కృష్ణపక్షం అంటారు. మా నాన్నగారి మాసికాలు పెట్టిన ఏడాదంతా ఇక్కడి పంచాంగంతో తంటాలు పడ్డాను. చివరికి మన పంచాంగం తెప్పించుకున్నాక గానీ లెక్క కుదరలేదు.

---

గుణుపూర్_బ్యాటరీ · 5 మార్చి, ఉదయం 8:20

మాష్టారూ, నమస్కారం. నాది బ్యాటరీ వారంటీ గొడవండీ, తిథులది కాదు.

---

బరంపురం_లెక్కలమ్మ · 5 మార్చి, ఉదయం 11:50

నేను బరంపురంలో షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తుంటాను, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. మీ పాత సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీలో రాసి ఉండాలి. ఈ ఒక్క లైను నడిపి చూడండి:

```php
echo date('d-m-Y', strtotime('2024-08-31 +18 months'));
// 03-03-2026
```

అది లోపల చేసేది ఇంతే. నెల అంకెకు 18 కలుపుతుంది, రోజు అంకెను ముట్టుకోదు. అలా 2026 ఫిబ్రవరి 31 తయారవుతుంది. అలాంటి రోజు లేదు కాబట్టి 28 పోగా మిగిలిన మూడింటిని మార్చిలోకి తోసేస్తుంది. బస్తాలో పట్టని బియ్యం పక్క బస్తాలో పోసినట్టు. జావాస్క్రిప్ట్‌లో `setMonth` కూడా ఇలాగే చేస్తుంది.

అదే తేదీని మైసీక్వెల్‌ని అడగండి:

```sql
SELECT DATE_ADD('2024-08-31', INTERVAL 18 MONTH);
-- 2026-02-28
```

ఇది తోయదు. నెలాఖరు దగ్గర ఆపేస్తుంది. ఎక్సెల్ `EDATE` కూడా అంతే. మీ కంపెనీ పోర్టల్ కూడా ఈ దారిలోదే. కాబట్టి ఎవరి కంప్యూటరూ చెడిపోలేదు. రెండూ తమ తమ పద్ధతి ప్రకారమే నడిచాయి. వారంటీకి ఏ పద్ధతి కావాలో రాసినవాళ్ళు ఆలోచించకపోవడమే తప్పు.

ఇన్నేళ్ళూ ఎందుకు తేడా రాలేదని అడిగారు. ఇంతకుముందు మీరు అమ్మినవన్నీ 12, 24, 36 నెలల వారంటీలేనా?

---

గుణుపూర్_బ్యాటరీ · 5 మార్చి, మధ్యాహ్నం 2:10

అవును మేడం. ఇన్వర్టర్ బ్యాటరీలన్నీ 36 లేకపోతే 24. ఈ 18+18 మోడల్ 2024 వేసవి నుంచే తెస్తున్నాను. మీకెలా తెలిసింది?

---

బరంపురం_లెక్కలమ్మ · 5 మార్చి, మధ్యాహ్నం 3:05

12 నెలలు గానీ, దాని గుణకాలు గానీ కలిపితే మళ్ళీ అదే నెలకు వస్తాం. ఆగస్టు నుంచి ఆగస్టుకు, అక్టోబరు నుంచి అక్టోబరుకు. ఆ నెలకు 31 ఎప్పుడూ ఉంటుంది. అక్కడ దొరకని రోజు ఒక్కటే, ఫిబ్రవరి 29. అది నాలుగేళ్ళకోసారి వచ్చేది, ఆ రోజు మీరు బ్యాటరీ అమ్మకపోతే తప్పు కంటికే కనబడదు.

18 వచ్చేసరికి ఆరు నెలలు పక్కకు జరుగుతాం. ఆగస్టు ఫిబ్రవరిలో పడుతుంది. మార్చి సెప్టెంబరులో, మే నవంబరులో, అక్టోబరు ఏప్రిల్‌లో, డిసెంబరు జూన్‌లో పడతాయి. అంటే ఏడాదిలో మార్చి, మే, అక్టోబరు, డిసెంబరు నెలల 31, ఇంకా ఆగస్టు 29, 30, 31. ఈ ఏడు రోజుల్లో అమ్మిన వాటికే తేడా వస్తుంది. జనవరి 31న అమ్మితే జులై 31కి వెళ్తుంది, ఏ ఇబ్బందీ లేదు. ఇలాంటి తప్పును షాపులో పట్టుకోవడం కష్టం. ఏడాదంతా బాగానే పనిచేసి, ఒక రోజు మీకు 2,300 ఖర్చు పెడుతుంది.

మీ డేటాబేస్‌లో ఇది నడపండి, పేర్లు మాత్రం మీవి పెట్టుకోండి:

```sql
SELECT bill_no, sale_date, warranty_end
FROM sales
WHERE DAY(sale_date) > 28 AND DAY(warranty_end) <= 3;
```

29, 30, 31లలో అమ్మిన దాని గడువు ఎప్పుడూ 28కో, ఆ తర్వాతో పడాలి. 1, 2, 3 తేదీల్లో పడిందంటే అది పక్క నెలలోకి పొంగినదే.

ఇంకో మాట. మాష్టారు దారి తప్పి మాట్లాడారని మీరు అనుకున్నారు గానీ, నాకు కావలసిన విషయం ఆయన మాటల్లోనే ఉంది. మాష్టారూ, మాసికం ఎప్పుడు పెట్టాలో ఎలా చూస్తారండీ? కిందటి మాసికం పెట్టిన రోజు నుంచి నెల లెక్కపెడతారా?

---

జయపురం_మాష్టారు · 5 మార్చి, సాయంత్రం 5:30

అలా ఎలా చూస్తామమ్మా? పోయిన తిథిని బట్టే ప్రతి నెలా చూస్తాం. కిందటి నెల ఏదో కారణంతో ఒక రోజు అటూ ఇటూ అయినా, ఈ నెల మళ్ళీ అసలు తిథికే రావాలి. కిందటి దాని నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి ఎక్కడికో పోతాం.

---

బరంపురం_లెక్కలమ్మ · 5 మార్చి, సాయంత్రం 6:15

అదేనండీ. నేను సరిచేసిన ప్రోగ్రాముల్లో సగం తప్పులు ఈ ఒక్క మాట పాటించకపోవడం వల్లే.

గుణుపూర్ అన్నయ్యా, మీ ఆటో అతని బ్యాటరీనే తీసుకోండి. 18+18 కదా. రెండో గడువు ఎప్పుడు? మొదటి గడువు తేదీ పట్టుకుని దానికి 18 కలిపితే, 2026 ఫిబ్రవరి 28 నుంచి 2027 ఆగస్టు 28 వస్తుంది. అమ్మిన తేదీకే 36 కలిపితే 2027 ఆగస్టు 31 వస్తుంది. మీ పాత ప్రోగ్రాము మార్చి 3కి 18 కలిపి ఉంటుంది, అంటే 2027 సెప్టెంబరు 3. ఒకే బ్యాటరీ, ఒకే కార్డు, మూడు తేదీలు. నా మటుకు ఆగస్టు 31 ఒక్కటే సరైనది. 18కి 18 కలిపితే 36 కావాలి కదా, మధ్యలో ఫిబ్రవరి తగిలిందని మూడు రోజులు ఎందుకు పోవాలి?

ఫిబ్రవరిలో 28 దగ్గర ఆగడం తప్పు కాదు. ఆగిన చోటునే కొత్త మొదలుగా రాసి పెట్టుకోవడం తప్పు. ఒకసారి 28 అని రాశాక, అసలు 31 అన్న సంగతి ఆ రికార్డులో మిగలదు. అందుకే మొదటి తేదీని ఎప్పుడూ చెరపకూడదు, ప్రతిసారీ దానికే నెలలు కలపాలి.

---

రాయగడ_కేబుల్ · 5 మార్చి, రాత్రి 9:25

అక్కా, మీరు చెప్పింది చదివి నా నెట్ కస్టమర్ల లిస్టు తీశాను. మొత్తం 412 మంది. ఏ తేదీకి ఎంతమంది కట్టాలో లెక్కేస్తే మామూలుగా ఒక్కో తేదీకి పదమూడు పద్నాలుగు మంది ఉన్నారు. 28వ తేదీకి 47 మంది! 29, 30, 31లకు కలిపి నలుగురే, వాళ్ళు కూడా ఈ మార్చిలో చేరబోయేవాళ్ళు, ముందుగా పేరు రాయించుకున్నారు.

నేను ఇన్నాళ్ళూ నెలాఖరులో జీతాలు పడతాయి, అందుకే 28కి ఎక్కువమంది అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. నా షీటులో ప్రతి నెలా కిందటి తేదీ మీద `EDATE` వేసి కిందికి లాగుతున్నాను. ఫిబ్రవరి దాటాక అందరూ 28కి వచ్చి అక్కడే ఉండిపోయారు.

---

బరంపురం_లెక్కలమ్మ · 5 మార్చి, రాత్రి 9:50

తమ్ముడూ, ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి నువ్వు చేసిన లెక్కే మంచి పరీక్ష. 28 దగ్గర గుంపు కట్టి 29, 30, 31 ఖాళీగా ఉంటే, నెలాఖరులో ఆపి అక్కణ్ణుంచే మళ్ళీ లెక్కపెడుతున్నట్టు. 1, 2, 3 తేదీల్లో గుంపు కడితే పక్క నెలలోకి పొంగుతున్నట్టు.

చేరిన తేదీ A2లో ఉంటే, మొదటి వరుసలో ఇది పెట్టి కిందికి లాగు:

```
=EDATE($A$2,ROW(A1))
```

జనవరి 31న చేరినవాడికి ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30, మే 31 వస్తాయి. చిన్న నెలలో వెనక్కి జరిగి, పెద్ద నెలలో మళ్ళీ తన చోటికి వస్తాడు.

నువ్వు చెప్పిన ఫోన్ కంపెనీల సంగతి కూడా ఉంది. 28 రోజుల ప్లాను ఏడాదికి 13 సార్లు వేయించుకోవాలి, అప్పుడు కూడా 364 రోజులే. జనం గోల పెట్టాక 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాను కూడా ఒకటి ఉంచాలని. ఆ తేదీ లేని నెలలో ఆ నెల చివరి రోజే రీచార్జి తేదీ అని అందులోనే చెప్పారు. కాబట్టి ఎవరైనా అడిగితే ఆ ఉత్తర్వులో చెప్పిన పద్ధతే నేనూ పాటిస్తున్నానని నువ్వు చెప్పుకోవచ్చు.

---

పర్లాకిమిడి_గుమాస్తా · 6 మార్చి, ఉదయం 7:40

ముప్ఫై నాలుగేళ్ళు వకీలు గారి దగ్గర గుమాస్తాగా చేసి మానుకున్నవాణ్ణి. కంప్యూటర్లు రాకముందే ఈ లెక్క తేల్చి పెట్టారు బాబూ. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 23వ సెక్షను తీయండి. ప్రామిసరీ నోటు ఇన్ని నెలలకని రాసి, ఆ నెలలో ఆ తేదీ లేకపోతే, ఆ నెల ఆఖరి రోజుతోనే గడువు తీరినట్టు అని ఉంటుంది.

కింద ఉదాహరణలు కూడా ఇచ్చారు. 1878 ఆగస్టు 30న మూడు నెలలకు రాసిన నోటూ, ఆగస్టు 31న మూడు నెలలకు రాసిన నోటూ రెండూ డిసెంబరు 3కే చెల్లాలి. డిసెంబరు 3 అని చూసి మేడం చెప్పిన పొంగడం అనుకోకండి. రెండింటి గడువూ నవంబరు 30నే తీరుతుంది, ఆ పైన మూడు రోజులు గ్రేసు. మా వకీలు గారు కొత్తగా వచ్చిన జూనియర్లను ఈ డిసెంబరు 3 దగ్గరే పట్టుకునేవారు.

బ్యాటరీ నోటు కాదు, ఆ చట్టం దీనికి నేరుగా వర్తించదు. అయినా వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. 31న కొన్నాడు. కొన్న రోజు వదిలేస్తే లెక్క సెప్టెంబరు 1న మొదలు. 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు, 2025లో పన్నెండు, 2026లో జనవరి, ఫిబ్రవరి. నిండా పద్దెనిమిది నెలలు, ఫిబ్రవరి 28 రాత్రితో సరి. మార్చిలో ఒక్క రోజు ఇచ్చినా అది పంతొమ్మిదో నెలలోకి వెళ్ళినట్టే.

అయితే మీ బిల్లు మీద మార్చి 3 అని ఉంది చూశారా, అది కంపెనీ మాట కాకపోవచ్చు గానీ మీ మాట. 2,300 ఇచ్చేసి మంచి పనే చేశారు.

---

సిరొంచ_డేటా · 6 మార్చి, మధ్యాహ్నం 1:15

నేను సిరొంచ వాణ్ణి, నాగపూర్‌లో ఉద్యోగం. మా ఆఫీసులో ఒరాకిల్ వాడతాం. పైన చెప్పిన దానికి ఒక చిక్కు ఉంది. ఒరాకిల్‌లో ఇది చూడండి:

```sql
SELECT ADD_MONTHS(DATE '2026-02-28', 1) FROM dual;
-- 31 మార్చి 2026
```

28 కాదు, 31 వస్తుంది. మొదటి తేదీ నెలాఖరు అయితే, ఫలితం కూడా నెలాఖరే అని దాని పద్ధతి. నాకైతే ఇదే న్యాయంగా అనిపిస్తుంది. ఏప్రిల్ 30న చేరినవాడు నెల చివరి రోజున చేరాడు. వాడికి మేలో 31న రావాలి, 30న కాదు.

---

బరంపురం_లెక్కలమ్మ · 6 మార్చి, మధ్యాహ్నం 2:40

ఒరాకిల్ అలాగే చేస్తుంది, నిజమే. కానీ ఫిబ్రవరి 28న చేరినవాడు నెలాఖరని చేరాడో, ఆ రోజు షాపు దారిలో ఉందని చేరాడో మనకేం తెలుసు? వాడు కట్టిన రోజు 28. మార్చి 31 దాకా వాడుకోనిస్తే మూడు రోజులు ఉచితంగా ఇచ్చినట్టు. నెలాఖరే కావాలంటే ఎక్సెల్‌లో దానికి వేరే `EOMONTH` ఉంది. ఆ ఉద్దేశం ఉంటే అదే వాడాలి గానీ తేదీని చూసి ఊహించకూడదు.

---

పర్లాకిమిడి_గుమాస్తా · 6 మార్చి, రాత్రి 8:05

సిరొంచ బాబూ, నీ వాదన ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. డాడ్స్ వర్సెస్ వాకర్, 1981. అద్దెకిచ్చిన యజమాని 1978 సెప్టెంబరు 30న నోటీసు ఇచ్చాడు. అద్దెకున్నవాడు నాలుగు నెలల్లో కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి. సెప్టెంబరు 30 నెలాఖరు కాబట్టి జనవరి నెలాఖరు దాకా టైముందని, 31న పెట్టాడు. కాదు, 30వ తేదీకి సరిపోయేది 30వ తేదీయే, నిన్నటితో అయిపోయిందన్నారు. ఒక్క రోజుతో పోయింది.

---

సిరొంచ_డేటా · 6 మార్చి, రాత్రి 8:50

గురువుగారూ, నోటీసుకు సరే. కానీ నెల నెలా కట్టే చందా వేరు. జీతం నెలాఖరున పడేవాడు నెలాఖరునే కట్టాలనుకుంటాడు, 30, 31 అన్న అంకె వాడికి అక్కర్లేదు. చేరేటప్పుడే ‘30వ తేదీనా, నెలాఖరునా’ అని అడిగి ఒక గడిలో రాసుకుంటే తప్ప ఇది తేలదని నా అభిప్రాయం. అడగకుండా పెట్టే ఏ పద్ధతి అయినా ఎవరో ఒకరికి తప్పే.

---

రాయగడ_కేబుల్ · 6 మార్చి, రాత్రి 9:10

మా వాళ్ళను అడిగితే ‘నీకెప్పుడు వీలైతే అప్పుడు రా’ అంటారు అన్నా.

---

గుణుపూర్_బ్యాటరీ · 7 మార్చి, సాయంత్రం 7:30

మేడం ఇచ్చిన క్వెరీ నడిపించాను. 23 బిల్లులు వచ్చాయి. అందులో ఒకటి 2024 ఫిబ్రవరి 29న అమ్మిన ఇన్వర్టర్ బ్యాటరీ, 36 నెలలకు మార్చి 1, 2027 అని వేసింది. మీరు చెప్పిన నాలుగేళ్ళకోసారి వచ్చేది కూడా నా దగ్గరే దొరికింది. 13 బిల్లుల గడువు ఎలాగూ దాటిపోయింది. మిగిలిన పదిలో నాలుగు ఒకే రోజువి, 2024 అక్టోబరు 31, దీపావళి రోజు. వాటి మీద మే 1 అని ఉంది, ఉండాల్సింది ఏప్రిల్ 30.

విశాఖ కుర్రాడికి ఫోన్ చేశాను. ఏమీ అనుకోకుండా చూస్తానన్నాడు. ఈలోగా ఇంకో అనుమానం. కౌంటర్‌లో ఒక స్క్రీన్ ఉంది, బిల్లు నంబరు కొడితే వారంటీ ఉంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా చూపిస్తుంది. ఆటో అతని బిల్లుకు అది మార్చి 2న ఎర్రగానే చూపించింది! బిల్లేమో పచ్చ, స్క్రీనేమో ఎరుపు. అందులో ఉన్నది ఇదని విశాఖ కుర్రాడు పంపాడు:

```sql
WHERE sale_date >= DATE_SUB(CURDATE(), INTERVAL 18 MONTH)
```

---

బరంపురం_లెక్కలమ్మ · 7 మార్చి, రాత్రి 8:45

బిల్లు తేదీని పీహెచ్‌పీ వేసింది, స్క్రీన్‌ను మైసీక్వెల్ నడిపింది. ఒకే షాపులో రెండు పద్ధతులు. ఆ స్క్రీన్‌ను కూడా నమ్మకండి. అది ఇవాళ్టి నుంచి 18 నెలలు వెనక్కి వెళ్ళి చూస్తోంది. ముందుకు వెళ్ళడం, వెనక్కి రావడం ఒకటే అనుకుంటాం గానీ నెలల విషయంలో కావు.

2025 ఫిబ్రవరి 28న అమ్మినది తీసుకోండి. 18 నెలలు 2026 ఆగస్టు 28తో అయిపోతాయి. ఆగస్టు 31న ఆ కస్టమర్ వచ్చాడనుకోండి. మీ స్క్రీన్ 31 ఆగస్టు నుంచి 18 నెలలు వెనక్కి వెళ్తుంది, ఫిబ్రవరి 31 లేదు కాబట్టి 28 దగ్గర ఆగుతుంది. అమ్మిన తేదీ 28, సరిపోయింది, పచ్చ. గడువు అయిపోయి మూడు రోజులైనా పచ్చే. కంపెనీ మళ్ళీ కాదంటుంది, మీ జేబు మళ్ళీ ఖాళీ.

వెనక్కి లెక్కపెట్టడం మానేసి, ముందుకు లెక్కపెట్టిన ఒక్క తేదీతోనే పోల్చండి. విశాఖ కుర్రాడికి ఇది పంపండి, బిల్లుకూ స్క్రీన్‌కూ ఇదొక్కటే వాడమనండి:

```php
function add_months($start, $n) {
    $d = new DateTimeImmutable($start);
    $m = $d->modify('first day of this month')
           ->modify("+$n months");
    $day = min((int)$d->format('j'), (int)$m->format('t'));
    return $m->setDate((int)$m->format('Y'),
                       (int)$m->format('n'), $day);
}
```

ముందు ఆ నెల 1వ తేదీకి వెళ్తుంది. 1వ తేదీ లేని నెల లేదు కాబట్టి ఎన్ని నెలలు కలిపినా పొంగదు. తర్వాత అసలు రోజు, ఆ నెలకున్న రోజులు, వీటిలో ఏది చిన్నదో అది వేస్తుంది. రెండో గడువుకు `$n` దగ్గర 36 ఇవ్వాలి. మొదటి గడువును `$start`గా ఇచ్చారంటే మళ్ళీ మొదటికొస్తుంది.

పాత బిల్లుల తేదీలను మాత్రం ఒక్క దెబ్బన మార్చేయకండి. కస్టమర్ చేతిలో కాగితం ఉంది. పాత తేదీ ఒక గడిలో, సరైన తేదీ పక్క గడిలో ఉంచండి.

---

పర్లాకిమిడి_గుమాస్తా · 7 మార్చి, రాత్రి 9:30

ఇకమీదట బిల్లు మీద తేదీ పక్కన ‘ఈ రోజు కూడా కలిపి’ అని వేయించండి. కంపెనీ కార్డులో ‘కొన్న తేదీ నుంచి’ అని ఉందో, ‘కొన్న తేదీతో కలిపి’ అని ఉందో కూడా ఒకసారి చదవండి. రెండోది అయితే మామూలు తేదీలకు మీ లెక్క ఒక రోజు ఎక్కువ చూపిస్తుంది. సెప్టెంబరు 10న కొన్నది మార్చి 10తో పోతుందా, 9తో పోతుందా అన్నది దాని మీదే ఉంటుంది.

---

గుణుపూర్_బ్యాటరీ · 8 మార్చి, రాత్రి 8:15

కార్డు చదివాను గుమాస్తా గారూ. ‘అమ్మకపు తేదీ నుంచి 18 నెలలు’ అని మాత్రమే ఉంది, కలిపో కాదో లేదు. పోర్టల్‌లో రెండు మూడు మామూలు బిల్లులు కొట్టి చూస్తే అమ్మిన తేదీయే గడువు తేదీగా వస్తోంది, 10కి 10. ఆ తేదీన తెస్తే తీసుకుంటారా, ముందు రోజే తేవాలా అని కంపెనీ వాళ్ళకు మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. ఇంకోటి కూడా అడిగాను. మొన్న 28 శనివారం, 1 ఆదివారం మా షాపు సెలవు. గడువు రోజే సెలవైతే మర్నాడు తీసుకుంటారా అని.

దీపావళి బిల్లుల నలుగురికీ ఇవాళ ఫోన్లు చేశాను. మీ బిల్లు మీద మే 1 అని ఉంది, అది మా పొరపాటు, ఏదైనా తేడా ఉంటే ఏప్రిల్ 30 లోపు తెచ్చి చూపించండి అని చెప్పాను. ముగ్గురు సరేనన్నారు. నాలుగో ఆయన చాలాసేపు విని, “బ్యాటరీ బాగానే ఉంది కదా, నువ్వెందుకు తెమ్మంటున్నావు, అందులో ఏమైనా లోపం ఉందా?” అని అడిగాడు. రేపు పొద్దున్నే తెస్తానన్నాడు.